ఆవకాయ ధర ఎక్కడ రాయాలి?

మామిడికాయల కాలంలో ఇన్‌స్టాగ్రామ్ తెరిస్తే ఆవకాయ జాడీలే జాడీలు. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లకు ఏడాది మొత్తానికి అదే పెద్ద సీజన్. ఫొటో బాగా తీస్తారు, దాని కింద ఓపిగ్గా పెద్ద క్యాప్షన్ కూడా రాస్తారు. అది సాధారణంగా ఇలా మొదలవుతుంది:

‘అందరికీ నమస్కారమండీ మళ్ళీ మామిడికాయల కాలం వచ్చేసింది! ఆవకాయ అనగానే మనందరికీ అమ్మమ్మ ఇల్లు, వేసవి సెలవులు గుర్తొస్తాయి కదా’

ఇది ఉదాహరణ కోసం నేను కల్పించిందే అయినా ఇలాంటివి మీరూ చూసే ఉంటారు. చదవడానికి హాయిగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, ఫోన్‌లో దాదాపు ఇక్కడికే మాట ఆగిపోతుంది. మూడు చుక్కలు, పక్కన బూడిద రంగులో ‘మోర్’ అన్న చిన్న మాట కనిపిస్తాయి. ఫేస్‌బుక్‌లో అయితే ‘సీ మోర్’. కిలో ఎంతో, ఆర్డర్ ఎప్పటిలోగా ఇవ్వాలో, ఏ ఊళ్లకు పంపుతారో అంతా ఆ మాట వెనకే ఉంది. వేలితో తెరను పైకి తోసుకుంటూ పోయేవాళ్లు దాన్ని నొక్కాలంటే, నొక్కడానికి ముందే ఓ కారణం కనబడాలి. నమస్కారం చూసి ఎవరూ నొక్కరు.

ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌కు ఇచ్చే మొత్తం చోటు 2,200 క్యారెక్టర్లు. అందులో నొక్కకుండా కనిపించేది సుమారు 125 అని ఈ రంగంలో పనిచేసేవాళ్లు లెక్క పెట్టుకుంటారు. అది గీత గీసినట్టుండే హద్దేమీ కాదు. ఫోన్ వెడల్పు, అక్షరాల సైజు, పోస్టు రకం మారితే అదీ మారుతుంది. ఫీడ్‌లో క్యాప్షన్ మొదటి వరుసలోనే ఖాతా పేరు కూడా కూర్చుంటుంది కాబట్టి, పొడవాటి పేరు పెట్టుకున్నవాళ్లకు చోటు ఇంకా తగ్గుతుంది. రీల్స్‌లో వీడియో మీద కనిపించేది కొన్ని మాటలే. పేరాల మధ్య వదిలే ఖాళీ వరుసలు, అలంకారానికి పెట్టే పూల ఎమోజీల వరుస కూడా ఈ కొద్ది జాగాలోంచే పోతాయి.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. మన కంటికి ఒక్క అక్షరంగా కనిపించేది యంత్రానికి ఒక్కటి కాదు. గుణింతపు గుర్తు, వత్తు, సున్న దేనికదే విడిగా లెక్కకొస్తాయి. ‘నమస్కారమండీ’లో మనం చూసేవి ఆరక్షరాలు, యంత్రం లెక్కలో పదకొండు. ‘స్త్రీ’ ఒక్కటే ఆరు. అందుకే ఇంగ్లిష్ వాళ్ల 125 లెక్కను నమ్ముకుని తెలుగులో రాస్తే మాటలు అనుకున్నదానికంటే ముందే అయిపోతాయి. (మామూలు ఎస్సెమ్మెస్‌లో ఈ తేడా ఇంకా కఠినం. ఇంగ్లిష్‌లో 160 క్యారెక్టర్లు పట్టేచోట తెలుగులో రాస్తే పట్టేది 70.) పైన ఇచ్చిన ఆవకాయ వాక్యాలను విడదీసి లెక్కపెడితే ‘కదా’ దగ్గరికి 121 వచ్చింది. అంటే ఉన్న జాగా అంతా పలకరింపుకే సరిపోయింది.

మన రాత అలవాటులోనే ఈ వరస ఉంది. శుభలేఖ తీయండి, ముందు దేవుడి పేరు, తర్వాత పెద్దల ఆశీస్సులు, వంశం, ఆ తర్వాతే ముహూర్తం, కల్యాణ మండపం. అది ఇంటికొచ్చి చేతిలో పెట్టి పిలిచే కాగితం కాబట్టి చివరిదాకా చదువుతాం. ఎవరో తెలియని దుకాణం ఫొటో కింది నాలుగు మాటలకు ఆ మర్యాద దక్కదు.

మరి పైన ఏముండాలి? ఆ ఆవకాయ అమ్మకందారు చెప్పవలసినవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నారనుకుందాం. ఏ కాయలు, నువ్వుల నూనె ఎక్కడిది, కారం ఎక్కడ ఆడించారు, అమ్మమ్మ కొలతలు, కిలో ధర 650, కొరియర్ అందులోనే, అరకిలో ప్యాకింగ్ లేదు, ఆర్డర్లు మే 5 వరకే, పంపడం మే 20 నుంచి, రెండు తెలుగు రాష్ట్రాలకు మాత్రమే, ఆర్డర్ ఇవ్వాల్సిన నంబరు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ నంబరు. ఇందులో ఒక్కోదాన్నీ వేలితో మూసి, ‘ఇది తెలియకపోతే కొనేవాడికి ఏం పోతుంది?’ అని అడగాలి. కారం ఎక్కడ ఆడించారో తెలియకపోయినా ఎవరికీ నష్టం లేదు. మే 5 తెలియకపోతే ఆరో తారీకున ఫోన్ చేసి ఉసూరుమంటారు. రెండు రాష్ట్రాలకే అన్న సంగతి తెలియకపోతే పుణేలో ఉన్నవాళ్లు, డల్లాస్‌లో ఉన్నవాళ్లు వరసగా అడుగుతారు, అందరికీ కుదరదని చెప్పుకుంటూ కూర్చోవాలి. తెలియకపోతే పని చెడేవే పైకి రావాలి. 14 అంకెల రిజిస్ట్రేషన్ నంబరు ఉండితీరాల్సిందే కానీ, దాని చోటు కిందే. ‘ఆవకాయ ఎర్రగా నోరూరిస్తూ’ వంటి వర్ణన అసలు అక్కర్లేదు, ఆ పని ఫొటో ఎలాగూ చేస్తోంది.

అలా ఏరితే మిగిలింది ఇది:

‘కొత్త ఆవకాయ: కిలో ₹650, కొరియర్ ఖర్చు కలిపి. ఆర్డర్లు మే 5 వరకే. ఏపీ, తెలంగాణకు మాత్రమే. మే 20 నుంచి పంపుతాం.’

యంత్రం లెక్కలో ఇది 109. పాత పలకరింపు కంటే చిన్నది, వ్యవహారమంతా చెప్పేస్తోంది. కానీ నాకు నచ్చింది పొడవు తగ్గడం కంటే మాటల వరస. ఎవరి ఫోన్‌లో ఎక్కడ తెగుతుందో ముందే తెలియదు కనుక, ఎక్కడ తెగినా అప్పటిదాకా కనిపించింది పనికొచ్చేలా ఉండాలి. రీల్ కింద నాలుగే మాటలు కనిపించాయనుకోండి, ‘కొత్త ఆవకాయ: కిలో ₹650’ దక్కుతుంది. ఇంకాస్త కనిపిస్తే గడువు తెలుస్తుంది. చివర తెగిపోయినా పోయేది పంపే తేదీ ఒక్కటే. అదే వాక్యాన్ని ‘మే 5 లోపు ఆర్డర్ ఇచ్చిన ఏపీ, తెలంగాణ వారికి మే 20 నుంచి కొత్త ఆవకాయ కిలో...’ అని తిప్పి రాస్తే సమాచారం అంతా అదే, కానీ మధ్యలో తెగితే దేని గురించో కూడా తెలియదు. తెలుగు వాక్యంలో క్రియ చివరికి పోతుంది కాబట్టి పొడవాటి వాక్యంలో ఈ ప్రమాదం మనకు మరీ ఎక్కువ. పై భాగంలో పొట్టి వాక్యాలే క్షేమం.

తేదీని తేదీగానే రాయాలి. ‘ఈ ఆదివారం వరకే’ అంటే ఏ ఆదివారం? ఇన్‌స్టాగ్రామ్ ఫీడ్ 2016 నుంచి వేసిన వరసలో పోస్టులను చూపించడం మానేసింది. బుధవారం వేసింది ఒకరికి వెంటనే కనిపిస్తే, ఇంకొకరికి ఆదివారం దాటాక కనిపించవచ్చు. చేనేత ఎగ్జిబిషన్ల పోస్టుల్లో ఈ పొరపాటు తరచూ కనిపిస్తుంది. ‘రేపటి నుంచే!’ అని పైన పెద్దగా ఉంటుంది, ఊరి పేరు మాత్రం కింద ఎక్కడో.

ధర పైన పెట్టడానికి చాలామంది జంకుతారు. ‘ముందు మన కథ చదివితే ధర ఎక్కువనిపించదు’ అని వాళ్ల ఆశ. ఇరవై వేల పట్టుచీర విషయంలో ఆ వాదనకు కొంత బలం ఉందేమో కానీ, కిలో పచ్చడికి లేదు. ధర చూసి వెళ్లిపోయేవాడు ఫోన్‌లో అడిగి కూడా వెళ్లిపోతాడు, మధ్యలో మీ టైమే పోతుంది.

అలాగని అమ్మమ్మ కథను చెరిపేయక్కర్లేదు. ‘మోర్’ నొక్కినవాళ్లకు అప్పటికే ఆసక్తి ఉంది, అక్కడ తీరిగ్గా చెప్పొచ్చు. ముక్కలు కలిపాక మూడో రోజు తిరగకలుపుతామని, ఊట దిగి ముక్క ఊరాకే సీసాలకు ఎత్తుతామని, మే 20 దాకా ఆగమన్నది అందుకేనని అక్కడ రాస్తే, ఆలస్యానికి కారణమూ తెలుస్తుంది, నమ్మకమూ కుదురుతుంది. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదు. కాబట్టి ఆర్డర్ లింకు ప్రొఫైల్‌లో పెట్టి, ఆ ముక్క ఇక్కడ చెప్పాలి. చివర మే 5ను మరోసారి గుర్తుచేయడం మంచిదే.

కొన్ని సంగతులను పైన పెట్టడం, పెట్టకపోవడం అమ్మేవాళ్ల ఇష్టం కాదు. ఒక ఫుడ్ వ్లాగర్‌కు ఉచితంగా జాడీ పంపి, పోస్టు పెట్టించారనుకోండి. అది ప్రచారమన్న సంగతి చూసేవాళ్లకు తెలియాలి. భారత ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం తెచ్చిన మార్గదర్శకాలు దీన్ని సూటిగానే చెప్పాయి. ప్రకటన అనే గుర్తు ఎవరి కన్నూ దాటిపోకుండా ముందే స్పష్టంగా కనిపించాలి, హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచకూడదు. ప్రకటన తెలుగులో ఉంటే ఆ గుర్తును చూసేవాళ్లకు అర్థమయ్యే తెలుగులోనూ పెట్టొచ్చు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2017లోనే తొంభైకి పైగా ఉత్తరాలు రాసి, ఫోన్‌లో పెద్ద పోస్టు తాలూకు మొదటి మూడు వరుసలే కనబడతాయి కనుక ఈ సంగతి వాటిలోనే రావాలని సెలెబ్రిటీలను, వ్యాపారులను హెచ్చరించింది. అక్కడున్న మన తెలుగు వ్లాగర్లకూ ఇది వర్తిస్తుంది.

ఫొటో మీద ధరను పెద్ద అక్షరాల్లో వేసి, ‘కనీసం మూడు కిలోలు తీసుకుంటేనే’ అన్న షరతును ‘మోర్’ వెనక దాచడం కూడా ఇలాంటిదే. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం సంగతి అటుంచినా, డబ్బు పంపాక షరతు తెలిసినవాళ్లు కామెంట్లలో ఏం రాస్తారో ఊహించుకోవచ్చు. ధర ఎక్కడుంటే షరతూ అక్కడే ఉండాలి.

పోస్టు వేశాక సొంత ఫోన్‌లో చూసుకుంటే చాలదు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ తీసుకోండి, అందులో అక్షరాలు పెద్దవిగా పెట్టుకుని ఉంటారు. అక్కడ తెగే చోటే అసలు హద్దు. సరిగ్గా రాలేదనిపిస్తే ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌ను పోస్టు వేశాకైనా దిద్దుకోవచ్చు. అదే సమాచారాన్ని వాట్సాప్‌లో పంపితే ‘రీడ్ మోర్’ చాలా కిందికి వస్తుంది కానీ, నోటిఫికేషన్‌లో, చాట్ల జాబితాలో కనిపించేది మొదటి ముక్కే. అందుకని అక్కడా ఇదే వరస నడుస్తుంది. పంపిన మెసేజ్‌ను దిద్దుకోవడానికి వాట్సాప్ ఇచ్చే గడువు 15 నిమిషాలే కాబట్టి ముందు ఇంట్లోవాళ్ల నంబరుకు పంపి చూసుకోవడం మేలు.

మే 6 పొద్దున చేయాల్సిన పని ఒకటి మిగిలి ఉంటుంది. పాత పోస్టు ఇంకా ఎవరెవరికో కనిపిస్తూనే ఉంటుంది, ‘వరకే’ అన్న మాటను అందరూ చూడరు. కింద ఎక్కడో ఒక గమనిక చేర్చడం కన్నా మొదటి మాటలే మార్చేయాలి: ‘ఈ ఏడాది ఆవకాయ ఆర్డర్లు అయిపోయాయి. మాగాయ ఆర్డర్లు మే 25 నుంచి.’