మూడు సీట్ల సోఫా అంటే ఎన్ని అంగుళాలు?

గత వేసవిలో మియాపూర్‌లో ఇల్లు మారుతూ మా సోఫా అమ్మకానికి పెట్టాను. రాసింది ఒక్క వాక్యం: ‘మూడు సీట్ల సోఫా, మంచి కండిషన్, మరకలు లేవు, 8,000 రూపాయలు.’ మర్నాడే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక దంపతులు ట్రాలీ ఆటో మాట్లాడుకుని మరీ వచ్చారు. ఆమె కూర్చుని చూసింది, లేచింది, మళ్లీ కూర్చుంది. “అక్కా, ఇది మా మామయ్య కోసం. ఆయనకు మోకాళ్ల నొప్పులు. ఇంత లోపలికి దిగిపోతే ఆయన లేవలేడు” అంది. సోఫా తీసుకోలేదు. రానూపోనూ ఆటో కిరాయి వాళ్లమీదే పడింది. నేను రాసిన వాక్యంలో అబద్ధమేమీ లేదు, కానీ ఆమెకు కావలసిన ఒక్క సంగతి కూడా అందులో లేదు. ఆ సాయంత్రం టేపు తీసుకుని సోఫా ముందు కూర్చున్నాను.

మొదట పొడవు. ఈ చివర నుంచి ఆ చివరకు 78 అంగుళాలు వచ్చింది, అంటే ఆరున్నర అడుగులు. వినడానికి పెద్ద సోఫాయే. కానీ ఎవరూ సోఫా చేతుల మీద కూర్చోరు కదా. ఒక్కో చెయ్యి 9 అంగుళాల మందం. రెండూ తీసేస్తే కూర్చునే చోటు 60 అంగుళాలు, ముగ్గురికి పంచితే తలా 20. పెద్దవాళ్ల భుజాల వెడల్పు ఇంచుమించు 18 అంగుళాలు ఉంటుంది కాబట్టి ముగ్గురు పడతారు, కానీ ఒకరి భుజం ఒకరికి తగులుతూనే ఉంటుంది. 22 అంగుళాలు దొరికితేనే హాయి. అంటే మా సోఫా ఇద్దరు పెద్దవాళ్లూ ఒక పిల్లవాడూ కూర్చుని టీవీ చూసుకోవడానికి బాగుంటుంది. చుట్టాలొస్తే ముగ్గురు సర్దుకోవచ్చు. ‘మూడు సీట్లు’ అన్న మాట కుషన్ల సంఖ్య చెబుతుందేగాని మనుషుల సంగతి చెప్పదు. ఇదే 78 అంగుళాల పొడవులో సన్నటి చెక్క చేతులున్న పాత రకం సోఫా అయితే లోపల ఇంకా ఎక్కువ చోటు మిగులుతుంది. అందుకే రెండు కొలతలూ రాయాలి.

ఎల్ ఆకారపు సోఫా అమ్మేవాళ్లకు ఇక్కడ ఇంకో పని ఉంది. పొడుగు భాగం ఎటు వస్తుందో చెప్పాలి. ‘ఎడమవైపు’ అంటే చాలదు. కూర్చున్నవాళ్ల ఎడమ, ఎదురుగా నిలబడి చూసేవాళ్లకు కుడి అవుతుంది. ‘సోఫాకు ఎదురుగా నిలబడి చూస్తే ఎడమవైపు’ అని పూర్తిగా రాయాలి. లేకపోతే ఆ ఇంట్లో అది బాల్కనీ తలుపుకు అడ్డం పడుతుంది.

ఇక ఫోమ్. ఆమె తిరిగి వెళ్లిపోవడానికి కారణం ఇదే కాబట్టి దీనిమీద నేను ఎక్కువసేపు కూర్చున్నాను. దుకాణాల్లో 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అంటారు. ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో ఆ అంకె చెబుతుంది. ఎక్కువ ఉంటే సాధారణంగా ఎక్కువ కాలం మన్నుతుంది. కానీ అది గట్టిదా మెత్తదా అన్నది వేరే సంగతి. 40 డెన్సిటీలోనూ మెత్తటి ఫోమ్ ఉంటుంది. పైగా ఆ అంకె కొత్త ఫోమ్‌ది, ఆరేళ్లు కూర్చున్న ఫోమ్ పరిస్థితి అది చెప్పలేదు. కొన్ననాటి రసీదు ఉంటే అంకె రాయండి, లేకపోతే ఊహించి రాయకండి. దానికంటే పనికొచ్చే పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు.

ఒక తిన్నటి కర్ర గాని పొడుగాటి స్కేలు గాని కుషన్ మీద, ముందు అంచు నుంచి వెనక అంచుకు ఆనేలా అడ్డంగా పెట్టండి. ఎవరూ కూర్చోకుండానే మధ్యలో కర్రకూ కుషన్‌కూ సందు కనిపిస్తే, ఫోమ్ అంతమేర శాశ్వతంగా అణిగిపోయిందన్నమాట. మా సోఫాలో రెండు చివరల కుషన్లకు అర అంగుళం సందు ఉంది. మధ్య కుషన్‌కు ఒకటిన్నర. టీవీకి సరిగ్గా ఎదురుగా ఉండే చోటు అదే, ఇంట్లో అందరూ అక్కడే కూర్చునేవాళ్లం. తర్వాత అరచేత్తో గట్టిగా నొక్కి వదిలాను. చివరి కుషన్లు వెంటనే పైకి లేచాయి. మధ్యది మెల్లగా లేచింది, పూర్తిగా లేవలేదు.

ఆ తర్వాత కూర్చుని చూడాలి. కుషన్ పైభాగం నేల నుంచి 17 అంగుళాల ఎత్తులో ఉంది, కుర్చీ ఎత్తంత. నేను మధ్యలో కూర్చున్నప్పుడు మా అబ్బాయి స్కేలు పెట్టి చూస్తే 13 అయింది. మోకాళ్లు నడుముకంటే పైకి వచ్చాయి. మోకాళ్ల నొప్పులున్న మనిషి అక్కడి నుంచి చేతి ఊతం లేకుండా లేవడం కష్టం. ‘కూర్చుంటే 4 అంగుళాలు దిగుతుంది’ అని నేను ముందే రాసి ఉంటే ఆ దంపతులు అంత దూరం వచ్చేవాళ్లు కాదు.

దిగిపోవడానికి కారణం ఎప్పుడూ ఫోమే కానక్కర్లేదు. కుషన్ తీసేసి కింద చూడండి. సాగే బెల్టులో, వంకర టింకర స్ప్రింగులో ఉంటాయి. బెల్టు వదులైతే, స్ప్రింగు కొక్కెం ఊడితే, కొత్త ఫోమ్ వేసినా గుంత పోదు. మాకు బెల్టులు బిగువుగానే ఉన్నాయి, పాడైంది ఒక్క కుషన్ ఫోమే. ఆ తేడా కొనేవాళ్లకు డబ్బుల తేడా: ఒక కుషన్‌కు ఫోమ్ మార్పించడం ఒక పూట పని, బెల్టులైతే సోఫా విప్పాలి. కుషన్ జిప్పు తెరిచినప్పుడు ఫోమ్ పసుపు రంగులోకి మారి ఉంటే కంగారు పడక్కర్లేదు, గాలికీ వెలుతురుకూ అలా మారుతుంది. గిల్లితే పొడిగా రాలితే మాత్రం దాని ఆయుష్షు అయిపోయినట్టే.

‘మరకలు లేవు’ అని రాసినందుకు నాకు నిజంగా బాధ వేసింది. రోజూ చూసే కళ్లకు మరక కనిపించడం మానేస్తుంది. ఉదయం పదింటి వెలుతురులో కర్టెన్లు తీసి చూస్తే మూడు దొరికాయి. ఎదురుగా నిలబడి చూస్తే కుడి చేతి మీద గుండ్రంగా టీ మరక. మధ్య కుషన్ ముందు అంచున పసుపు మరక, పప్పన్నం పళ్లెం ఒలికిన నాటిది. వీపు ఆనే చోట, తల తగిలే ఎత్తులో, తలనూనె జిడ్డు మూడు నల్లటి మచ్చలుగా పట్టి ఉంది.

మూడూ ఒకటి కావు. పసుపు మరక మీద సబ్బు నీళ్లు పోస్తే ఎర్రగా మారుతుంది, అది కొత్త మరక అనుకుని భయపడి ఇంకా రుద్దేస్తారు. పారాణి ఎరుపుకు పసుపూ సున్నమూ కలిపినట్టే ఇదీ, సబ్బులోని క్షారం చేసే పని. పసుపు ఎండకు వెలిసిపోతుంది కాబట్టి జిప్పు ఉన్న కవరైతే ఉతికి నాలుగు రోజులు ఎండలో వేస్తే చాలావరకు పోతుంది. కవరు ఊడదంటే ఆ మరక అక్కడే ఉంటుంది. తలనూనె జిడ్డు దుమ్మును పట్టుకుని ఫోమ్ దాకా ఇంకుతుంది, పైపైన తుడిస్తే రెండు రోజులకు మళ్లీ తేలుతుంది. అందుకే మరక రాసేటప్పుడు దేనిదో, ఎక్కడుందో, ఎంత ఉందో, కవరు ఊడుతుందో లేదో రాయాలి. ఫొటోలో పక్కన ఒక రూపాయి బిళ్ల పెడితే సైజు ఎవరికైనా తెలుస్తుంది. ఫ్లాష్ వేసి తీయకూడదు, ఆ వెలుగులో జిడ్డు మాయమైపోతుంది. కుషన్ తిరగేసి మరక దాచి ఫొటో తీయడం మోసమే, ఇంటికి తీసుకెళ్లిన రోజే బయటపడుతుంది.

రెగ్జిన్ సోఫా అయితే మరకల కంటే పొర ఊడటం పెద్ద సమస్య. ఒకసారి పెచ్చులు లేవడం మొదలైతే ఆగదు. గోరుతో గీరి చూసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఏ సోఫాకైనా తిరగేసి కుట్లలో, అడుగున కొట్టిన నల్ల బట్ట మూలల్లో నల్లుల గుర్తులు చూడాలి: సన్నటి నల్లటి చుక్కలు. అవి కనిపిస్తే ఆ సోఫా ఏ ధరకూ అమ్మకూడదు.

చివరికి మోత. నాలుగో అంతస్తులో ఉంటున్నాం, లిఫ్ట్ ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. కొలిచి చూస్తే సోఫా లోతు 34 అంగుళాలు, ఎత్తు 33. మా హాలు తలుపు వెడల్పుగానే ఉంది. కానీ చాలా ఇళ్లలో గది తలుపు తెరిస్తే మిగిలేది 32 అంగుళాలే. 33 ఎత్తు సోఫాను వెల్లకిలా పడుకోబెట్టి తోసినా ఒక్క అంగుళం దగ్గర ఆగిపోతుంది. అప్పుడు అడుగున చూస్తే కాళ్లు మర తిప్పితే ఊడొచ్చేవే. ఒక్కోటి 5 అంగుళాలు. అవి తీస్తే ఎత్తు 28, గది తలుపులోంచి సులువుగా వెళుతుంది. లిఫ్ట్ తలుపు మాత్రం 27 అంగుళాలే తెరుచుకుంటుంది. నిలబెట్టినా పట్టదు. కాబట్టి మెట్లే గతి. మెట్లంటే ఇద్దరు చాలరు, మలుపుల దగ్గర సోఫాను నిలువుగా ఎత్తి తిప్పాలి, ముగ్గురు కావాలి. హమాలీలు అంతస్తుల లెక్కన అడుగుతారు. నాలుగు అంతస్తులని ముందే తెలిస్తే కొనేవాళ్లు ఆ ఖర్చు కలుపుకుని బేరం ఆడతారు, అది న్యాయం. టాటా ఏస్ డాలా సుమారు ఏడడుగులు, ఆరున్నర అడుగుల సోఫా అందులో పడుతుంది. చిన్న ట్రాలీ ఆటోలో అయితే బయటికి పొడుచుకు వస్తుంది. తాడు నేరుగా బట్ట మీద బిగిస్తే అంచులు కోసుకుపోతాయి, కింద పాత దుప్పటి వేయాలి. వానాకాలమైతే టార్పాలిన్ తప్పనిసరి, తడిసిన ఫోమ్ లోపల ఆరదు, వాసన పడుతుంది.

రెండోసారి నేను రాసింది ఇది: ‘బట్ట సోఫా, కొని 6 ఏళ్లు. పొడవు 78 అంగుళాలు, కూర్చునే చోటు 60, ముగ్గురు సర్దుకోవాలి. మధ్య కుషన్ ఒకటిన్నర అంగుళం అణిగింది, కూర్చుంటే 4 అంగుళాలు దిగుతుంది, మోకాళ్ల నొప్పులున్నవారికి పనికిరాదు. బెల్టులు బాగున్నాయి. టీ, పసుపు, తలనూనె మరకలు మూడు చోట్ల, ఫొటోలు చూడండి. కుషన్ కవర్లు ఊడతాయి, వీపు కవరు ఊడదు. లోతు 34, ఎత్తు 33, కాళ్లు తీస్తే 28. నాలుగో అంతస్తు, లిఫ్ట్‌లో పట్టదు, మెట్ల మీద ముగ్గురు కావాలి. బండి, మనుషులు మీవే. సాయంత్రం ఆరు దాటితే అపార్ట్‌మెంట్‌లో సామాను దించనివ్వరు. 5,500.’

ఫోన్లు తగ్గాయి. వచ్చినవాళ్లు మాత్రం ఒక్కసారే వచ్చారు. కూకట్‌పల్లిలో గది తీసుకున్న ఇద్దరు కుర్రాళ్లు, స్నేహితుణ్ని వెంటబెట్టుకుని, పానా, తాడు, దుప్పటి తెచ్చుకున్నారు. కాళ్లు విప్పి సంచిలో వేసుకున్నారు. బేరం ఆడలేదు. ఇరవై నిమిషాల్లో సోఫా టాటా ఏస్‌లో ఉంది.