నల్ల జుట్టుకు బ్లీచ్ వేస్తే నారింజ రంగు ఎందుకొస్తుంది?

నల్లటి జుట్టుకు బ్లీచ్ పెట్టి ముప్పావుగంట తర్వాత కడిగితే, కోరుకున్న బూడిద ఛాయ గోధుమ రంగు రాదు. రాగి, ఇటుక, నారింజల మధ్య ఎక్కడో ఉండే ఒక రంగు తేలుతుంది. మందు పాతదనో, పార్లర్‌లో చేయి తిరగనివాళ్లు వేశారనో అనుకోవడం మామూలే. చాలాసార్లు ఆ రెండూ నిజం కాదు. నలుపు తేలికపడే దారిలో నారింజ తప్పకుండా తగిలే మజిలీ. దాన్ని తప్పించే బ్లీచ్ ఇంతవరకు లేదు. అక్కడ ఆగాలా, ముందుకు వెళ్లాలా, ఆగితే దాన్ని ఎలా కప్పాలి అన్నవే మన చేతిలో ఉన్నవి.

వెంట్రుక పైభాగం క్యూటికల్ అనే పారదర్శకమైన పొలుసుల పొర. దాని లోపలి కార్టెక్స్‌లో మెలనిన్ రేణువులుంటాయి. మెలనిన్‌లో రెండు రకాలు: నలుపు, గోధుమ ఛాయలనిచ్చేది యూమెలనిన్, ఎరుపు, పసుపు ఛాయలనిచ్చేది ఫియోమెలనిన్. నల్ల జుట్టులో దాదాపు అంతా యూమెలనినే, రెండోది కొద్దిగా ఉంటుంది. యూమెలనిన్ అన్ని రంగుల కాంతినీ పీల్చుకుంటుంది, కానీ సమానంగా కాదు. నీలం వైపు కాంతిని ఎక్కువగా, ఎరుపు వైపు కాంతిని తక్కువగా పీలుస్తుంది. రేణువులు నిండుగా ఉన్నప్పుడు ఏ కాంతీ బయటకు రాదు కాబట్టి జుట్టు నల్లగా కనిపిస్తుంది. రేణువులు తగ్గుతున్నకొద్దీ ముందుగా తప్పించుకు బయటపడేది ఎరుపు, ఆ తర్వాత పసుపు, అన్నిటికన్నా చివర నీలం. చిక్కటి కాఫీ డికాషన్‌ గ్లాసులో నల్లగా ఉండి, నీళ్లు కలిపేకొద్దీ ఎర్రగా, నారింజగా, చివరికి పలుచటి పసుపుగా మారినట్టే ఇదీ. పైగా ఫియోమెలనిన్ బ్లీచ్‌కు యూమెలనిన్ అంత తేలిగ్గా లొంగదు. నలుపు పోయాక దాని ఎరుపు బయటపడుతుంది. మెలనిన్ అంతా పోయినా జుట్టు తెల్లబడదు, ఎందుకంటే వెంట్రుకను నిర్మించిన కెరటిన్ అనే ప్రోటీన్‌కే లేత పసుపు ఛాయ ఉంది.

బ్లీచ్ పని రెండు అంచెల్లో సాగుతుంది. పొడిలో పెర్సల్ఫేట్ లవణాలు, క్షారాలు ఉంటాయి. దానిలో కలిపే డెవలపర్ హైడ్రోజన్ పెరాక్సైడ్. క్షారం పొలుసులను తెరుస్తుంది, మందు లోపలికి దిగి ముందు మెలనిన్ రేణువులను కరిగిస్తుంది, తర్వాత కరిగిన రంగును నెమ్మదిగా విరగ్గొడుతుంది. మొదటి అంచె త్వరగా సాగుతుంది, రెండోది నిదానం. నలుపు నుంచి ఎరుపుకు చూస్తుండగానే వచ్చిన జుట్టు, నారింజ దగ్గరకు వచ్చి కదలనట్టు అనిపించడానికి ఇది ఒక కారణం. అసహనంతో డెవలపర్ బలం పెంచితే రంగు కన్నా ముందు వెంట్రుక దెబ్బతింటుంది. ఆ బలాన్ని సీసా మీద వాల్యూమ్‌గా రాస్తారు: 10 వాల్యూమ్ అంటే 3% పెరాక్సైడ్, 20 అంటే 6%, 30 అంటే 9%, 40 అంటే 12%.

జుట్టు రంగును పార్లర్లలో 1 నుంచి 10 వరకు లెవల్స్‌గా చెబుతారు. 1 కటిక నలుపు, 10 లేత పసుపు. తెలుగువాళ్ల సహజమైన జుట్టు ఎక్కువగా 1 నుంచి 3 మధ్యలో ఉంటుంది. బ్లీచ్ పడ్డాక 4, 5 దగ్గర ఎరుపు, 6, 7 దగ్గర నారింజ, 8 దగ్గర బంగారు పసుపు, 9, 10 దగ్గర లేత పసుపు అడుగున కనిపిస్తాయి. అంటే 2వ లెవల్ జుట్టు ఒక్క విడతలో ఐదు మెట్లెక్కితే చేరేది సరిగ్గా నారింజలోకే.

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఎప్పుడూ రంగు వేయని, 2వ లెవల్ జుట్టున్న యువతికి ముందువైపు కొన్ని పాయలు బూడిద ఛాయ గోధుమ రంగులో కావాలి. ముందుగా చెవి వెనకాల కనపడని సన్నటి పాయ మీద ప్రయత్నించి చూడాలి. తర్వాత 30 గ్రాముల పొడికి 60 మిల్లీలీటర్ల 20 వాల్యూమ్ డెవలపర్ కలిపి, కుదుళ్ల దగ్గర ఒక సెంటీమీటరుకు పైగా వదిలేసి పాయలకు పట్టించాలి. తల వేడికి కుదుళ్ల దగ్గర మందు వేగంగా పనిచేస్తుంది. అక్కడ మొదటే పెడితే మిగతా పాయ ఎరుపులో ఉండగానే కుదుళ్లు పసుపుకు వచ్చేస్తాయి. అందుకే అక్కడ చివరలో పెడతారు. ఐదు, పది నిమిషాలకోసారి కొంచెం మందు తుడిచి చూడాలి. మందు ఎండిపోతే పని ఆగిపోతుంది. జుట్టును బట్టి తేడాలున్నా, పావుగంట దాటాక ఎర్ర గోధుమ, అరగంటకు ఇటుక రంగు, 40 నిమిషాలకు నారింజ కనిపించడం సాధారణం. పొడి ప్యాకెట్ మీద రాసిన గరిష్ఠ సమయాన్ని దాటనివ్వకూడదు. ఇక్కడ కడిగి, ఆరనిచ్చి చూడాలి, ఎందుకంటే తడి జుట్టు ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది. ఈమె పాయలు 7వ లెవల్ నారింజ దగ్గర ఆగాయనుకుందాం.

ఇప్పుడు ఆమెకు కావలసింది పసుపు కాదు, గోధుమ. కాబట్టి మళ్లీ బ్లీచ్ అక్కర్లేదు. నారింజను అణచే రంగు ఎక్కిస్తే చాలు. రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉన్న రంగులు ఒకదాన్నొకటి చంపుకుని తటస్థమైన గోధుమ, బూడిద ఛాయలిస్తాయి: నారింజకు నీలం, పసుపుకు ఊదా, ఎరుపుకు పచ్చ. నీలం పునాదిగా ఉన్న 6 లేదా 7వ లెవల్ యాష్ టోనర్‌ను, 2–3% పెరాక్సైడ్ ఉన్న తేలిక డెవలపర్‌తో కలిపి తడి జుట్టుకు పట్టించి, ప్యాకెట్‌పై చెప్పినంతసేపు మించకుండా ఉంచితే పాయలు చల్లటి గోధుమ రంగుకు వస్తాయి.

లెవల్ సరిపోలడం ఇక్కడ ప్రాణం. 7వ లెవల్ నారింజ మీద 9వ లెవల్ యాష్ వేస్తే దాన్లో ఉన్న నీలం చాలదు, నారింజ అలాగే మెరుస్తూ ఉంటుంది. అలాగని 5వ లెవల్ వేస్తే మురికి గోధుమగా, కొన్ని చోట్ల మసిగా తేలుతుంది. ఎక్కువమంది చేసే పొరపాటు ఊదా షాంపూ కొనడం. అది పసుపుకు మందు. నారింజ జుట్టుకు ఎన్నిసార్లు పట్టించినా పెద్ద తేడా ఉండదు. నారింజకు కావలసింది నీలం షాంపూ. అది వారానికోసారి, రెండు మూడు నిమిషాలు చాలు. నిమ్మరసం, వంటసోడా, వెనిగర్ వంటివి నారింజను తీయలేవు. నిమ్మరసం రాసుకుని ఎండలో కూర్చుంటే జుట్టు మరికొంచెం తేలికపడి ఇంకా రాగిగా మారడమే జరుగుతుంది.

కోరుకున్నది లేత బంగారు రంగైతే కథ వేరు. అప్పుడు నారింజను కప్పడం కాక దాటడమే మార్గం. రెండో విడత బ్లీచ్‌కు కనీసం రెండు వారాలు ఆగి, 20 వాల్యూమ్ మించకుండా నారింజ పాయల మీదే పెట్టి, లేత పసుపు దాకా తెచ్చి, అప్పుడు ఊదా టోనర్ వేస్తారు. కెరటిన్‌కు గట్టితనాన్నిచ్చే గంధకపు బంధాలు ప్రతి విడతలోనూ తెగుతాయి, అవి తిరిగి రావు. తడి వెంట్రుకను రెండు వేళ్ల మధ్య నెమ్మదిగా లాగినప్పుడు కొంచెం సాగి వెనక్కి వస్తే ఇంకో విడత తట్టుకుంటుంది. రబ్బరులా సాగి అలాగే ఉండిపోయినా, జిగురుగా అనిపించినా అంతటితో ఆపాల్సిందే. నల్ల జుట్టుకు ఒకే రోజున బంగారు రంగు హామీ ఇచ్చే చోటికి వెళ్లకపోవడమే మేలు.

మన దగ్గర ఈ లెక్కలన్నిటినీ తారుమారు చేసేది గోరింటాకు. దాన్లోని లాసోన్ అనే నారింజ రంగు పదార్థం కెరటిన్‌కు అతుక్కుపోతుంది. బ్లీచ్ మెలనిన్‌ను తీసినా అది కదలదు, నారింజ ఇంకా మొండిగా ఉంటుంది. నలుపు కోసం గోరింటాకుతో పాటు నీలి ఆకు పొడి వాడినవాళ్లకు బ్లీచ్ తర్వాత పచ్చ ఛాయలు రావచ్చు. అసలు ప్రమాదం మాత్రం లోహ లవణాలు కలిపిన పొడులతో. అవి పెరాక్సైడ్ తగలగానే వేడెక్కి జుట్టును కరిగించగలవు. దువ్వెనలో రాలిన కొన్ని వెంట్రుకలను గాజు గిన్నెలో 20 వాల్యూమ్ పెరాక్సైడ్‌లో, కొన్ని చుక్కల అమ్మోనియా కలిపి అరగంట ఉంచి చూస్తే తెలిసిపోతుంది. నురగ, వేడి, ఘాటైన వాసన వస్తే ఆ తలకు బ్లీచ్ పెట్టకూడదు. నల్ల డై వేసుకున్న జుట్టుకూ సొంత తంటా ఉంది. కొత్తగా పెరిగిన కుదుళ్లు త్వరగా తేలికపడతాయి, డై పేరుకున్న చివర్లు ఎరుపులోనే ఆగిపోతాయి, మధ్యలో పట్టీలు తేలుతాయి. డై మీద ఇంకో తేలిక రంగు డై వేస్తే ప్రయోజనం లేదు, డై ఇంకో డైని తీయలేదు.

నీళ్లకూ ఇందులో వాటా ఉంది. బోరు నీళ్లలో ఇనుము ఎక్కువగా ఉన్నచోట అది జుట్టుకు పట్టి, టోనర్ వేసిన పాయలకు రాగి ఛాయ తెస్తుంది. ఇనుము, రాగి వంటి లోహాల సమక్షంలో పెరాక్సైడ్ మరీ తీవ్రంగా పనిచేసి వెంట్రుకకు నష్టం పెంచుతుంది కూడా. లోహాలను పట్టి తీసే చిలేటింగ్ షాంపూతో బ్లీచ్‌కు ముందు ఒకసారి, తర్వాత నెలకోసారి కడగడం అందుకే.

ఇంత చేసినా టోనర్ శాశ్వతం కాదు. అది నాలుగు నుంచి ఆరు వారాల్లో కొద్దికొద్దిగా కడుక్కుపోతుంది, అడుగున ఉన్న నారింజ మళ్లీ పైకి వస్తుంది. రోజూ తలస్నానం, వేడినీళ్లు, ఎండ దాన్ని ఇంకా త్వరపెడతాయి. ఆరు వారాలకోసారి టోనర్ ఖర్చు పెట్టుకోగలిగినవాళ్లకే బూడిద ఛాయలు నప్పుతాయి. అలా కుదరనివాళ్లు తేనె, రాగి, దాల్చినచెక్క ఛాయలు ఎంచుకోవాలి. అవి నారింజతో పోరాడవు, దానితోనే కుదురుకుంటాయి, వెలిసిపోయినా వికారంగా కనిపించవు.