రోజుకు పాతిక రూపాయలు

మ్యూచువల్ ఫండ్‌లో 5 లక్షలు పెట్టిన మనిషి తన స్టేట్‌మెంట్ ఎంత వెతికినా 'ఖర్చులు' అనే పద్దు కింద కోత కనపడదు. ఎక్స్‌పెన్స్ రేషియో మన ఖాతాలోంచి పోదు. ఫండ్ మొత్తం ఆస్తిలోంచి ఏ రోజు వంతు ఆ రోజు తీసేశాకే ఎన్ఏవీ ప్రకటిస్తారు. మనకు కనపడే ధర అప్పటికే కోత పడ్డది. నష్టాల రోజున కూడా ఆ కోత ఆగదు.

రేషియో 1.8 శాతమైతే 5 లక్షల మీద ఏడాదికి 9 వేలు, అంటే రోజుకు దాదాపు పాతిక రూపాయలు. ఇందులో ఫండ్ నిర్వహణ ఖర్చుతో పాటు, రెగ్యులర్ ప్లాన్ అయితే ఏజెంటు కమీషన్ కూడా ఉంటుంది. మనం ఆ ఫండ్‌లో ఉన్నన్నాళ్లూ అది ఏటా వెళ్తూనే ఉంటుంది. 2013 జనవరి నుంచి అదే ఫండ్‌ను కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్‌గానూ కొనుక్కోవచ్చు. దాని రేషియో 0.8 అనుకుందాం. ఖర్చులు తీయకముందు ఏడాదికి 12 శాతం పెరిగితే, 20 ఏళ్లకు రెగ్యులర్‌లో సుమారు 34.9 లక్షలు, డైరెక్ట్‌లో 41.8 లక్షలు అవుతాయి. పెట్టిన అసలు కంటే తేడాయే ఎక్కువ. మార్కెట్ పడినప్పుడు ధైర్యం చెప్పి, అమ్మకుండా ఆపే ఏజెంటుకు ఆ డబ్బు ఇవ్వడం దండగ కాదు. ఫారం మీద సంతకం పెట్టించుకుని మళ్లీ కనపడని వాళ్లకు ఎందుకివ్వాలి? ఆరు నెలలకోసారి వచ్చే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్ తెరవండి. ఏ ఫండ్ మీద ఏజెంటుకు ఎంత ముట్టిందో రూపాయల్లో ఉంటుంది.

ఎగ్జిట్ లోడ్ మాత్రం డబ్బు వెనక్కి తీసుకునే రోజునే తగులుతుంది. చాలా ఈక్విటీ ఫండ్లలో ఏడాదిలోపు అమ్మితే 1 శాతం. అది లాభం మీద కాదు, అమ్మిన మొత్తం విలువ మీద. నష్టానికి అమ్ముకున్నా పడుతుంది. సిప్ కట్టేవాళ్లు పొరబడేది ఇక్కడే. ప్రతి వాయిదాకూ ఏడాది గడువు విడిగా లెక్కిస్తారు. 2024 జనవరి నుంచి ప్రతి 5వ తేదీన 5 వేలు కట్టి, 2025 మార్చి 20న మొత్తం తీసేస్తే, పదిహేను వాయిదాల్లో మొదటి మూడింటికే ఏడాది నిండింది. మిగతా పన్నెండింటి మీదా లోడ్ పడుతుంది. వాటి విలువ 60 వేలే అయితే 600 పోయినట్టు.

కొనేటప్పుడు పడే స్టాంపు డ్యూటీ 0.005 శాతం, లక్షకు ఐదు రూపాయలు. దాని గురించి బెంగ అక్కర్లేదు. ఫండ్ మేనేజరు తరచూ షేర్లు కొని అమ్ముతుంటే మాత్రం ఆ లావాదేవీల ఖర్చూ మన రాబడిలోంచే పోతుంది.

ఇదంతా చదివి రెగ్యులర్ యూనిట్లన్నీ ఒక్కసారే డైరెక్ట్‌కు మార్చేయకండి. ఆ మార్పిడిని అమ్మకంగానే లెక్కిస్తారు. ఎగ్జిట్ లోడ్ ఉంటే పడుతుంది, లాభం మీద పన్నూ పడుతుంది. కొత్త సిప్ డైరెక్ట్‌లో మొదలుపెట్టండి. పాత యూనిట్లు ఏడాది దాటాక, ఈక్విటీ దీర్ఘకాల లాభం ఏడాదికి 1.25 లక్షల పన్ను మినహాయింపు దాటకుండా, విడతల వారీగా మార్చుకోండి.