పేరు సరిచూశాకే ప్రతులు

మరణ ధ్రువపత్రం మీద రాయాలని ఎడిటర్ చెప్పినప్పుడు గడువులు, ఫీజుల గురించి రాద్దామనుకున్నాను. ఆ పత్రం ఇచ్చే ఆరో నంబరు ఫారం చేతిలోకి తీసుకున్నాక మాత్రం నా చూపు పేరు గడి దగ్గరే నిలిచిపోయింది. కుటుంబాలను ఎక్కువగా తిప్పేది అదే.

జనగామ వైపు రైతు ఒకాయన హైదరాబాద్ ఆసుపత్రిలో చనిపోయారనుకుందాం. ఇంటివాళ్లు ముందు ఊళ్లోని పంచాయతీ కార్యదర్శి దగ్గరికి వెళతారు. కానీ మరణం ఎక్కడ జరిగితే నమోదు అక్కడే. ఈ పత్రం ఇవ్వాల్సింది హైదరాబాద్ రిజిస్ట్రారే. ఆసుపత్రిలో పోతే సమాచారం పంపాల్సిన బాధ్యత ఆసుపత్రిది. ఆ హడావుడిలో చేర్పించిన బంధువు ఏ పేరు చెబితే అదే రిజిస్టరులోకి ఎక్కుతుంది. అడ్మిషన్ చీటీలో వెంకన్న, ఆధార్‌లో, పట్టాదారు పాసుపుస్తకంలో వెంకటయ్య. ఊరికి ఆ ఇద్దరూ ఒక్కరే. బీమా క్లెయిము చూసే గుమాస్తాకు కాదు.

అందుకే ముందు ఒకే ప్రతి తీసుకోండి. పేరు, తండ్రి పేరు, చిరునామా ఆధార్‌తో, పాలసీ బాండుతో, పాసుపుస్తకంతో అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే ఆధారాలు జతచేసి రిజిస్ట్రారుకు సవరణ దరఖాస్తు పెట్టాలి. జనన మరణాల నమోదు చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం ఆయన పాత నమోదును కొట్టేయరు. పక్కన మార్జిన్‌లో సరైనది రాసి సంతకం చేస్తారు. తొందరపడి ముందే అరడజను ప్రతులు తీసుకుంటే ఆ తప్పే అన్నిటిలోనూ ఉంటుంది.

పేరు సరిపోయాక అయిదారు ప్రతులు తీసుకోవడమే మేలు. ఒక్కటి చాలదా అనేవాళ్లతో నేను ఏకీభవించను. బీమా సంస్థ అసలు పత్రం అడిగి ఫైల్లో పెట్టుకుంటుంది. బ్యాంకు చాలాసార్లు అసలు చూసి జిరాక్సు తీసుకుంటుంది. ఈలోగా భార్యకు కుటుంబ పింఛను దరఖాస్తు, తహసీల్దారు దగ్గర పట్టా మార్పు ఉంటాయి. ఒక్క ప్రతే ఉంటే ఒక ఆఫీసు తిరిగిచ్చేదాకా మిగతా పనులు ఆగిపోతాయి. రిజిస్ట్రారు జారీ చేసిన ప్రతి ప్రతీ అసలే. గెజిటెడ్ అధికారి సంతకం పెట్టిన జిరాక్సు దానికి సమానం కాదు. కాగితాన్ని అట్టిపెట్టుకునే ఆఫీసులెన్నో లెక్కేసి, ఇంట్లో ఉంచడానికి రెండు కలుపుకోండి.



మరికొన్ని

మరణాన్ని 21 రోజుల్లో తెలియజేయాలి. ముప్పై రోజుల దాకా ఆలస్య రుసుముతో నమోదు చేస్తారు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి.

పత్రం మీద మరణ కారణం ఉండదు. రిజిస్టరులో ఉన్నా బయటి ప్రతిలో చూపకూడదని చట్టం చెబుతోంది.

వారసులెవరో ఈ పత్రం చెప్పదు. దానికి తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వేరే తెచ్చుకోవాలి.