ఆశీస్సులకు జవాబు ఆశీస్సులు కావు

పాత ఉత్తరాలు దాచుకున్న ఇళ్లలో తండ్రి కొడుక్కి రాసిన కార్డు చూస్తే మొదటి వాక్యం దాదాపు ఒకేలా ఉంటుంది: "చిరంజీవి సుబ్బారావును ఆశీర్వదించి వ్రాయునది." దానికి కొడుకు రాసిన జవాబు ఇలా మొదలవుతుంది: "మహారాజశ్రీ నాన్నగారి దివ్యసముఖమునకు, కుమారుడు సుబ్బారావు అనేక నమస్కారములు చేసి వ్రాసుకొను విన్నపములు." రెండు ఉత్తరాల్లోనూ మర్యాద ఒకే స్థాయిలో ఉంది. కానీ తండ్రి వాడిన మాట ఒక్కటీ కొడుకు ఉత్తరంలోకి ఉన్నదున్నట్టు రాలేదు. ఆశీర్వాదానికి బదులు నమస్కారం వచ్చింది. తండ్రిది "వ్రాయునది" అయితే కొడుకుది "వ్రాసుకొను విన్నపము".

తెలుగులో పలకరింపుకు జవాబు రాసే కిటుకు అంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. స్థాయి కలవాలి, దిశ మారాలి. ఆ పాత వాక్యాలను ఇప్పుడెవరూ రాయరు, రాయనక్కర్లేదు కూడా. కానీ ఈ పద్ధతి ఈనాటి వాట్సాప్ సందేశానికీ పనికొస్తుంది. పుట్టినరోజున పెద్దమ్మ "చిరంజీవికి ఆశీస్సులు, నిండు నూరేళ్లు చల్లగా ఉండు నాయనా" అని తెలుగులో పంపుతుంది. మనవాడు "సేమ్ టు యూ" అంటాడు, లేదా మర్యాదగా ఉండాలని "మీకూ ఆశీస్సులు పెద్దమ్మా" అంటాడు. మొదటిది స్థాయి తప్పింది. రెండోది స్థాయి కలిసినా దిశ తప్పింది, ఎందుకంటే ఆశీస్సు పెద్దల నుంచి చిన్నలకు వచ్చేదే గాని తిరుగు టపాలో పోయేది కాదు. "నమస్కారం పెద్దమ్మా. మీ ఆశీస్సులు అందాయి, చాలా సంతోషం" అంటే చాలు. ఉత్తరం చివర సంతకం దగ్గరా ఇదే లెక్క. పెద్దవారు "ఆశీస్సులతో" అని ముగిస్తే మనం "నమస్కారాలతో" అని ముగిస్తాం.

అన్ని పలకరింపులకూ దిశ ఉండదు. తోటివారి మధ్య నమస్కారానికి నమస్కారమే జవాబు. కొన్ని పలకరింపులు ఒక బృందానికి చెందినవి. "జై భీమ్" అన్నవారికి "జై భీమ్" అనే బదులిస్తారు. చర్చికి వెళ్లే బంధువు "వందనాలు" అని రాస్తే వందనాలే తిరిగి వెళతాయి. "అస్సలాము అలైకుం"కు జవాబు ఎలా ఉండాలో ముందే స్థిరపడి ఉంది. ఇలాంటి చోట మాట మార్చితే మర్యాద పెరగదు, దూరం పెరుగుతుంది.

స్థాయిని పట్టుకోవడమే కొంచెం కష్టం. చాలామంది పలకరింపు మాట ఒక్కటే చూసి తేల్చేస్తారు. అది చాలదు. ఉదాహరణకు తెలంగాణలో పెద్ద అధికారికైనా "నమస్తే సార్" అంటారు, అందులో తక్కువేమీ లేదు. అదే మాట కోస్తా జిల్లాల్లో కొందరు పెద్దవాళ్లకు కాస్త తేలిగ్గా వినిపించవచ్చు. అందుకని పలకరింపు దగ్గర ఆగకుండా, ఎదుటివారు మనల్ని ఏదైనా చేయమని అడిగిన చోటికి వెళ్లి, అక్కడి క్రియ చూడాలి. "తెలియజేయగలరు", "తెలియజేయండి", "చెప్పండి", "చెప్పు". నాలుగూ ఒకటే అడుగుతున్నాయి, నాలుగింటి దూరం వేరు. జవాబుకు స్థాయి అక్కడ దొరుకుతుంది.

ఒక ఉత్తరం తీసుకుని చూద్దాం. ఊళ్లో ఒక హైస్కూలుకు యాభై ఏళ్లు నిండుతున్నాయి. పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు ఉత్సవ కమిటీకి కార్యదర్శి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న పాత విద్యార్థికి ఆయన ఇలా రాశారనుకుందాం:

"గౌరవనీయులైన శ్రీ రఘు గారికి,
నమస్కారములు. మన పాఠశాల స్వర్ణోత్సవమును డిసెంబరు 14వ తేదీన జరుపుటకు నిశ్చయించితిమి. తమరు సకుటుంబముగా విచ్చేసి విద్యార్థులనుద్దేశించి ప్రసంగించవలసినదిగా కోరుచున్నాము. తమ అంగీకారమును తెలియజేయగలరు.
ఇట్లు,
కార్యదర్శి
నాయనా, తప్పకుండా రావాలి. అమ్మను అడిగానని చెప్పు."

ఈ కాగితంలో ఇద్దరు మాట్లాడుతున్నారు. ఒకరు కమిటీ కార్యదర్శి. ఆయనకు రఘు "శ్రీ రఘు గారు". సంతకం కింద మాట్లాడింది మాస్టారు. ఆయనకు రఘు ఇంకా "నాయనా". జవాబు ఇద్దరికీ వెళ్లాలి.

రఘు తొందరలో ఉంటే "హాయ్ సార్, ష్యూర్, వస్తా" అంటాడు. అందులో తప్పేమిటో వివరించనక్కర్లేదు. అంతకంటే తరచుగా, మర్యాద తెలిసినవాళ్లు కూడా చేసే పొరపాటు ఇంకొకటుంది. ఆహ్వానంలోని మాటలనే తిరగరాస్తారు: "నేను సకుటుంబముగా విచ్చేసి ప్రసంగించగలను." చూడటానికి ఇది ఆ ఉత్తరానికి సరిజోడులా ఉంటుంది. కానీ ఇందులో రెండు లోపాలున్నాయి.

మొదటిది "విచ్చేసి". తెలుగులో కొన్ని క్రియలు ఎదుటివారి పనికే వాడతాం. వాళ్లు విచ్చేస్తారు, మనం వస్తాం లేదా హాజరవుతాం. వాళ్లు సెలవిస్తారు, మనం మనవి చేస్తాం. వాళ్లు దయచేస్తారు, మనం వెళతాం. సభల్లో "నేను ఈ సభకు విచ్చేసినందుకు" అని వక్తలే తమ గురించి చెప్పుకోవడం ఇప్పుడు అలవాటైపోయింది. వినేవారిలో పాతతరం వాళ్లుంటే వాళ్ల చెవికి అది నొప్పిగానే తగులుతుంది. తన పేరుకు తానే "శ్రీ", "గారు" తగిలించుకోవడమూ ఇలాంటిదే. ఎదుటివారు మన పేరు ముందు "శ్రీ" పెట్టారు కదా అని సంతకంలో దాన్ని ఉంచుకోకూడదు. అది వాళ్లు ఇచ్చిన గౌరవం.

రెండోది "ప్రసంగించగలను". కార్యాలయాల తెలుగులో "తెలియజేయగలరు" అంటే తెలియజేయండి అనే విన్నపం. ఆ అర్థం ఎదుటివారిని అడిగేటప్పుడే వస్తుంది. అదే మాటను మన వైపు తిప్పుకుని "గలను" అనగానే అది సామర్థ్యం గురించిన మాట అయిపోతుంది. "హాజరు కాగలను" అంటే రావడానికి వీలుంది అన్నట్టే గాని, వస్తున్నానని మాట ఇచ్చినట్టు కాదు. కమిటీకి కావలసింది ఆ మాటే. కాబట్టి "హాజరవుతాను" అని తేల్చి రాయడమే మేలు.

మరి "నిశ్చయించితిమి", "కోరుచున్నాము" అన్న గ్రాంథికానికి జవాబు గ్రాంథికంలోనే ఉండాలా? అక్కర్లేదని నా అభిప్రాయం. గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) తరం పట్టుబట్టి నిలబెట్టిన శిష్ట వ్యావహారికం ఎంత గంభీరమైన విషయానికైనా సరిపోతుంది. గ్రాంథికం బాగా వచ్చినవారు అందులోనే రాయవచ్చు, అది అందమే. సగం వచ్చినవారు మాత్రం ఒక వాక్యంలో "వచ్చెదను" అని, పక్క వాక్యంలో "చూస్తున్నాను" అని రాసి మధ్యలో చిక్కుకుంటారు. మర్యాద పాత క్రియల్లో లేదు. అది సంబోధనలో, "మీరు"లో, వాక్యం పూర్తిగా ఉండటంలో ఉంది. "తమరు"కు బదులు "మీరు" అన్నా గౌరవం తగ్గదు. అయితే ఒకే ఉత్తరంలో ఒకసారి "తమరు", ఒకసారి "మీరు" అనకుండా చూసుకుంటే చాలు.

ఇవన్నీ మనసులో పెట్టుకుని రఘు ఇలా రాయవచ్చు:

"పూజ్యులైన మాస్టారికి,
నమస్కారాలు. మీ ఆహ్వానం అందింది. డిసెంబరు 14న జరిగే స్వర్ణోత్సవానికి కుటుంబంతో సహా తప్పక హాజరవుతాను. విద్యార్థులతో మాట్లాడే అవకాశం ఇచ్చినందుకు మీకూ కమిటీ సభ్యులకూ కృతజ్ఞతలు. ప్రసంగానికి ఎంత సమయం అనుకున్నారో తెలియజేస్తే అందుకు తగ్గట్టు సిద్ధమవుతాను.
మీరు అడిగినట్టు అమ్మతో చెప్పాను. మీకు నమస్కారాలు చెప్పమంది.
ఇట్లు,
మీ శిష్యుడు
రఘు"

"గౌరవనీయులైన" తిరిగి "గౌరవనీయులైన" కాలేదు, "పూజ్యులైన" అయింది. కార్యదర్శి పాత విద్యార్థిని అతిథిగా పిలిచారు, కానీ విద్యార్థికి ఆయన గురువే. ముగింపులో "భవదీయుడు" అని ఉంటే తప్పేమీ కాదు గాని, అది పరిచయస్తుల మధ్య సమాన దూరంలో నిలబడే మాట. సంతకం కింద ఉన్న "నాయనా" చదివాక "మీ శిష్యుడు" అనడమే సబబు. రాసేది అమ్మాయి అయితే "మీ శిష్యురాలు". సంతకం కింద ఆయన అడిగిన మాటకు జవాబు రెండు చిన్న వాక్యాలే అయినా, దాన్ని వదిలేస్తే మాస్టారికి ఈ ఉత్తరమంతా కమిటీ ఫైలులో పెట్టుకునే కాగితంలా అనిపిస్తుంది.

అచ్చులో వచ్చే పెళ్లి శుభలేఖ సంగతి వేరు. "బంధుమిత్ర సపరివారముగా విచ్చేసి మా ఆతిథ్యము స్వీకరించి" అన్నది పిలిచినవారి గొంతు కాదు, శుభలేఖల ఆనవాయితీ. దానికి అదే ధోరణిలో జవాబు రాస్తే వింతగా ఉంటుంది. కార్డు ఫొటోతో పాటు వాట్సాప్‌లో వాళ్లు సొంతంగా టైపు చేసిన రెండు ముక్కలు ఉంటాయి కదా, "అన్నయ్యా, మీరందరూ రెండు రోజుల ముందే రావాలి" అని. జవాబు వాటికే రాయాలి.

లిపి గురించీ ఒక మాట. ఎదుటివారు తెలుగు అక్షరాల్లో రాస్తే మనమూ తెలుగు అక్షరాల్లోనే రాయడం మంచిది. వాళ్లు ఫోనులో ఒక్కో ఒత్తూ గుణింతమూ వెతుక్కుని టైపు చేసి ఉంటారు, ముఖ్యంగా పెద్దవాళ్లు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగును కూడబలుక్కుని చదవడం వాళ్లకు మరీ కష్టం. చాలా ఫోన్ల కీబోర్డుల్లో ఇప్పుడు ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తెలుగు పదాలు వస్తాయి. అయితే పంపే ముందు ఒకసారి చదువుకోవాలి, ఎందుకంటే అది సూచించే పదాల్లో "మీ" ఉండాల్సిన చోట "మి", "గారు" ఉండాల్సిన చోట "గరు" దూరిపోతుంటాయి. సంబోధనలో అచ్చుతప్పు ఉంటే మిగతాదంతా సరిగ్గా ఉన్నా కళ్లు అక్కడే ఆగుతాయి.

ఈ స్థాయి ఉత్తర ప్రత్యుత్తరాలు సాగుతున్న కొద్దీ మారుతుంది. రెండో జవాబులో మాస్టారు "రఘూ, అరగంట మాట్లాడితే చాలు" అని రాస్తే కార్యదర్శి తప్పుకున్నట్టే. అప్పుడు మళ్లీ "పూజ్యులైన" అని మొదలుపెట్టడం బిగదీసుకుని కూర్చున్నట్టు ఉంటుంది. "సరే మాస్టారూ, అలాగే" అంటే చాలు. అయితే దిగడం ఎప్పుడూ పెద్దవారే ముందు చేయాలి, అదీ వాళ్లు దిగిన మేరకే మనం దిగాలి. ఆయన "నువ్వు" అన్నారని మనం "మీరు" వదలం. ఆఫీసులో మనకంటే కాస్త పెద్ద సహోద్యోగి "మీరు అనకండి, నువ్వు అనండి" అని నోటితో చెప్పినా, రాతలో ఇంకొన్నాళ్లు "మీరు" ఉంచుకుంటే ఎవరూ నొచ్చుకోరు.