గోదావరికి ఇటొక హైకోర్టు, అటొక హైకోర్టు

గౌతమీ గోదావరి మీద యానాం–ఎదుర్లంక వంతెన దాటితే ప్రభుత్వం మారిపోతుంది. ఇటు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన యానాం, అటు ఆంధ్రప్రదేశ్‌లోని కోనసీమ. రెండు ఒడ్లా తెలుగే. చుట్టరికాలూ అటూ ఇటూ అల్లుకునే ఉంటాయి.

ఒక రైతుకు రెండు ఒడ్లా పొలం ఉందనుకుందాం. రెండు చోట్లా పక్క రైతులు గట్టు జరిపారు. భూమి తగాదాలో దావా వేయాల్సింది ఆ భూమి ఏ కోర్టు హద్దుల్లో ఉంటే అక్కడే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ సెక్షన్ చెప్పేది అదే. రైతు ఇల్లు ఎక్కడుందన్నది లెక్కలోకి రాదు. కాబట్టి ఎదుర్లంక పొలం దావా కోనసీమలోని కోర్టులో, యానాం పొలం దావా యానాం కోర్టులో పడతాయి. అక్కడి నుంచి వాటి దారులు విడిపోతాయి.

యానాం దావాలో జిల్లా కోర్టుకు వెళ్లాల్సిన అప్పీలు పుదుచ్చేరికి పోతుంది. కాకినాడ గంట ప్రయాణం లోపే ఉన్నా, అక్కడి కోర్టుకు ఈ కేసుపై అధికారం లేదు. ఆ పైన హైకోర్టు అంటే చెన్నైలోని మద్రాసు హైకోర్టు. ఫ్రెంచి వలసలు భారత్‌లో కలిశాక 1962లో పార్లమెంటు చేసిన చట్టం పుదుచ్చేరి మొత్తాన్నీ ఆ హైకోర్టు కిందికి తెచ్చింది. ఆ మొత్తంలో తమిళ దేశానికి దూరంగా ఉన్న యానాం, కేరళ నడుమ ఉన్న మాహే కూడా చేరాయి. 2004లో మదురైలో ఆ హైకోర్టు బెంచి వచ్చినా యానాం కేసు అటు పోదు. ఆ బెంచి తమిళనాడు దక్షిణ జిల్లాలకే పరిమితం.

ఎదుర్లంక దావా హైకోర్టు దాకా వెళితే అమరావతిలోని నేలపాడు చేరుతుంది. 2018 డిసెంబరు 31 వరకూ అయితే హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చేది. రాష్ట్రం విడిపోయాక నాలుగున్నరేళ్లు రెండు రాష్ట్రాలకూ ఒకే హైకోర్టు నడిచింది. రెండు రాష్ట్రాలకు ఉమ్మడి హైకోర్టు ఉండవచ్చని రాజ్యాంగం 231వ అధికరణంలోనే ఉంది. పంజాబ్, హర్యానాలకు చండీగఢ్‌లో నేటికీ ఒకటే హైకోర్టు.

కోనసీమ కేసులో మరో చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అమలాపురంలో కలెక్టర్ కూర్చున్నారు. కానీ ఆ ఉత్తర్వుతో కోర్టులు విడిపోలేదు. పాత జిల్లా పేరుతోనే అవి నడిచాయి. అలా ఒకే పొలానికి పట్టాదారు పుస్తకం మీద కోనసీమ జిల్లా, కోర్టు కాగితం మీద తూర్పుగోదావరి జిల్లా కనిపిస్తాయి. రెండూ సరైనవే.

కారణం, రెవెన్యూ జిల్లాను గీసే చట్టం వేరు, కోర్టు హద్దును గీసే చట్టం వేరు. మొదటి పని ప్రభుత్వం తానే చేయగలదు. రెండోదానికి హైకోర్టును సంప్రదించాలి. జడ్జీలు, సిబ్బంది, భవనాలు కావాలి, నడుస్తున్న ఫైళ్లను పంచాలి. క్రిమినల్ చట్టమైతే, ఒక సెషన్స్ డివిజన్ అంటే ఒక జిల్లా కావచ్చు, కొన్ని జిల్లాలూ కావచ్చు అని స్పష్టంగానే అంటుంది. తెలంగాణ 2016లో కొత్త జిల్లాలు చేసింది. వాటికి తగ్గట్టు జిల్లా కోర్టులు మొదలైంది 2022 జూన్ 2న. నడుమ దాదాపు ఆరేళ్లు.

తూర్పుగోదావరి వాసులకు ఈ తేడా కొత్త కాదు. ఉమ్మడి జిల్లాలోనే కలెక్టరేటు కాకినాడలో, జిల్లా కోర్టు రాజమహేంద్రవరంలో ఉండేవి. ఇప్పుడు అమలాపురంలో అదనపు జిల్లా కోర్టు ఉండటం కోనసీమ వాళ్లకు పెద్ద ఊరట. జిల్లా మారకపోయినా జడ్జి కూర్చునే చోటు దగ్గరైతే కక్షిదారుకు బస్సు చార్జీ, ఒక రోజు కూలి మిగులుతాయి.

హైకోర్టు బెంచి కోసం కర్నూలు అడుగుతున్నదీ ఈ దగ్గరతనాన్నే. రాయలసీమకు హైకోర్టు అన్న మాట 1937 శ్రీబాగ్ ఒప్పందం నాటిది. కర్నూలులో బెంచి కావాలని 2024 నవంబరులో శాసనసభ తీర్మానించింది. అయితే తీర్మానం ఒక్కటే బెంచిని తేలేదు, హైకోర్టు సమ్మతి కావాలి. మహారాష్ట్రలో కొల్హాపూర్‌కు 2025 ఆగస్టులో సర్క్యూట్ బెంచి వచ్చింది. 1956 నాటి రాష్ట్రాల పునర్విభజన చట్టం కింద ప్రధాన న్యాయమూర్తి గవర్నర్ ఆమోదంతో ఆ చోటును ప్రకటించారు. ఆరు జిల్లాల వాళ్లకు ముంబై ప్రయాణం తప్పింది.

హద్దు తెలియక వేరే కోర్టులో దావా వేస్తే? అంతటితో హక్కు పోదు. సరైన కోర్టులో వేసుకోమని దావా కాగితాన్ని తిప్పి ఇస్తారు. నిజాయితీగా, శ్రద్ధగా నడిపిన కేసైతే అక్కడ గడిచిన కాలాన్ని గడువు లెక్క నుంచి మినహాయిస్తారు. కానీ పోయిన నెలలు, పెట్టిన ఖర్చు తిరిగి రావు. అందుకే యానాం–ఎదుర్లంక రైతు ముందు చూడాల్సింది సర్వే నంబరు ఏ ఊరిదో, ఆ ఊరు ఏ కోర్టు పరిధిలో ఉందో. పాత తీర్పు నకలు ఏదైనా ఇంట్లో ఉంటే పై వరుసలోనే కోర్టు పేరు, అది కూర్చునే ఊరు రాసి ఉంటాయి.