సర్వపిండి వీడియో నుంచి మొదటి వంద డాలర్ల దాకా: అపోహలు – వాస్తవాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఇంట్లో కూర్చొని చేసే పని అనగానే ముందుగా గుర్తొచ్చేది బీడీల చాట. ఇప్పుడు ఆ చాట పక్కనే ఫోన్ స్టాండు కూడా కనిపిస్తోంది. వంట చేస్తూ వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టే ఇల్లాళ్లు పెరుగుతున్నారు. వాళ్లకు అందే సలహాల్లో సగం తప్పుడువే. కొన్ని మాటలు ఆశ పెంచుతాయి, కొన్ని మొదలుపెట్టకముందే వెనక్కి లాగుతాయి.

అపోహ: "గంగవ్వకు కలిసొచ్చినట్టు ఒక్క వీడియో పేలితే చాలు."

గంగవ్వది జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి. కూలికి పోయింది, బీడీలు చుట్టింది. ఆమెను లోకానికి చూపించిన 'మై విలేజ్ షో' చానల్‌ను అల్లుడు శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టారు. ఆమె తెరమీదికి వచ్చింది ఆ తర్వాత కొన్నేళ్లకు. 'మల్లేశం' సినిమాలో కనిపించింది 2019లో, బిగ్‌బాస్ ఇంట్లో అడుగుపెట్టింది 2020లో. అంటే చానల్ పుట్టిన ఎనిమిదేళ్లకు. కథ రాసేవాళ్లు, కెమెరా పట్టేవాళ్లు, కత్తిరించి కూర్చేవాళ్లు అన్నేళ్లూ ఆమె వెనక ఉన్నారు. వంటింట్లో ఒంటరిగా ఫోన్ పట్టుకున్న ఇల్లాలు ఆ బృందపు వేగంతో తనను పోల్చుకుంటే మూడో నెలకే మానేస్తుంది.

అపోహ: "వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు అయితే పైసలు మొదలైతయి."

ఇది సగమే నిజం. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లతో పాటు, గడిచిన 12 నెలల్లో జనం ఆ చానల్‌ను 4,000 గంటలు చూసి ఉండాలి. ఆడబిడ్డలు, తోటికోడళ్లు, డ్వాక్రా సంఘం వాళ్లు నొక్కితే వెయ్యి దగ్గరపడొచ్చు. గంటలు అలా రావు.

లెక్క కోసం కోరుట్లలో ఒక ఇల్లాలిని ఊహించుకుందాం. వారానికి రెండు వీడియోలు పెడుతుంది, ఒక్కోటి ఎనిమిది నిమిషాలు. చూసినవాళ్లు సగటున మూడు నిమిషాలు ఉంటున్నారు. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. మూడుతో భాగిస్తే 80,000 వ్యూస్. ఏడాదికి సుమారు వంద వీడియోలు అనుకుంటే ఒక్కోదానికి 800 వ్యూస్ వస్తే సరిపోతుంది. ఇది అందని లెక్క కాదు, ఓపిక కావాలి. చూసే సమయం మూడు నిమిషాల నుంచి నాలుగుకు పెరిగితే 60,000 వ్యూసే చాలు. కాబట్టి ఆమె రోజూ చూసుకోవాల్సింది సబ్‌స్క్రైబర్ల అంకెను కాదు, యూట్యూబ్ స్టూడియోలో జనం ఏ క్షణంలో వెళ్లిపోతున్నారో చూపే గీతను.

సర్వపిండి వీడియోలో ఆ గీత సాధారణంగా ఎక్కడ పడిపోతుందో ఊహించడం కష్టం కాదు. మొదటి నిమిషమంతా నమస్కారాలు, గిన్నెల వరుస. తర్వాత బియ్యప్పిండి, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు కలపడం. ఇదంతా చూసేవాళ్లకు తెలిసిందే. వాళ్లు తెలుసుకోవాలనుకునేది వేరే ఉంది: పిండి ఎంత మెత్తగా ఉండాలి, గిన్నెకు ఎంత మందంగా ఒత్తాలి, వేలితో పెట్టిన గుంటల్లో నూనె ఎంత పోయాలి, మూత పెట్టాక మాడకుండా ఎలా తెలుసుకోవాలి. రెండో సర్వపిండి దగ్గరే అసలు చిక్కు. వేడి గిన్నెలో పిండి ఒత్తలేరు, చెయ్యి కాలుతుంది, పిండి సమంగా పరుచుకోదు. గిన్నెను బోర్లించి నీళ్లు పోసి చల్లార్చాలి, లేదా రెండు గిన్నెలు మార్చి మార్చి వాడాలి. ఈ ముక్క చెప్పిన వీడియోను జనం ఆఖరిదాకా చూస్తారు, మళ్లీ వెతుక్కొని వస్తారు. శీర్షికలో సర్వపిండి అనీ, గిన్నప్ప అనీ రెండూ రాయాలి. రెండు పేర్లతోనూ వెతికేవాళ్లు ఉన్నారు.

అపోహ: "షార్ట్స్ పెడితే తొందరగా అయిపోతది."

షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లో కలవదు. షార్ట్స్‌తోనే అర్హత రావాలంటే 90 రోజుల్లో కోటి వ్యూస్ కావాలి. పెద్ద వీడియో దగ్గరికి మనుషుల్ని తెచ్చే దారిగా మాత్రం అవి పనికొస్తాయి.

అపోహ: "మన తిండి మన జిల్లావాళ్లు తప్ప ఎవరు చూస్తరు?"

నాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట ఇది. ఎందుకంటే ఈ ప్రాంతపు వంటకు ఉన్న బలమే అక్కడ దాగి ఉంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్ల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు గదుల్లో తామే వండుకుంటారు. పచ్చిపులుసు ఎలా కలపాలో వాళ్లకు ఫోనే చెప్పాలి. అక్కడి నుంచి, అమెరికా నుంచి చూసేవాళ్ల మీద వచ్చే ప్రకటన ధర మన దగ్గరికంటే సాధారణంగా ఎక్కువ. అందుకే ఎవరికీ తెలియనట్టున్న మన వంట, అందరూ చేసే పన్నీర్ కూర కంటే ఎక్కువ ఇవ్వగలదు.

కాలం కూడా చూసుకోవాలి. సకినాల కోసం వెతుకులాట సంక్రాంతికి ముందు పెరుగుతుంది. ప్రకటనల ధరలేమో దసరా, దీపావళి నుంచి డిసెంబరు దాకా బాగుండి, జనవరిలో పడిపోతాయి. సకినాల వీడియో భోగి రోజున పెడితే చాలా ఆలస్యం. డిసెంబరు మొదట్లోనే పెట్టాలి. సకినం నూనెలో ఎందుకు పేలుతుందో, పిండి తడి ఎంత ఉండాలో అందులో తప్పక చెప్పాలి.

సిరిసిల్లలో ఇంకో ఇబ్బంది, పక్కింటి మరమగ్గాల చప్పుడు. మాటను తర్వాత నిశ్శబ్దంగా ఉన్న గదిలో రికార్డు చేసి కలిపితే సరి. ఆ చప్పుడు కప్పడానికి సినిమా పాట పెడితే, ఆ వీడియో ఆదాయం పాట హక్కుదారుకు వెళ్లిపోవచ్చు.

అపోహ: "అర్హత వచ్చిందంటే నెల నెలా జీతమే."

పెద్ద వీడియోల ప్రకటనల ఆదాయంలో 55 శాతం చానల్‌ది. కానీ ఖాతాలో వంద డాలర్లు నిండేదాకా డబ్బు పంపరు, తక్కువుంటే వచ్చే నెలకు కలుపుతారు. వంద డాలర్లను 9,000 రూపాయలనుకుందాం. వెయ్యి వ్యూస్‌కు ఆమె చేతికి 40 రూపాయలు వస్తే, అందుకు 2,25,000 వ్యూస్ కావాలి. నెలకు 75,000 వస్తుంటే మూడు నెలలకోసారి డబ్బు పడుతుంది. అదే ప్రతి నెలా రావాలంటే? చానల్‌లో 150 వీడియోలుండి, ఒక్కోదాన్ని రోజుకు 50 మంది చూస్తే చాలు. స్థిరమైన ఆదాయం పుట్టేది ఇక్కడే. ఒకరోజు పేలి చల్లబడే వీడియో కంటే, వెతికినప్పుడల్లా దొరికే పాత వీడియోలే ఇల్లు నడుపుతాయి.

అపోహ: "ఖాతా ఎవరి పేరున ఉంటే ఏంది, ఇంట్లోకే కదా!"

చాలా ఇళ్లలో తమ్ముడో కొడుకో తన మెయిల్‌తో, తన పేరుతో యాడ్‌సెన్స్ తెరిచేస్తారు. అక్కడ రాసిన పేరు, బ్యాంకు ఖాతా పేరు ఒకటే ఉండాలి. డబ్బు, పన్ను లెక్క రెండూ ఆ పేరు మీదే నడుస్తాయి. పది డాలర్లు దాటాక చిరునామా సరిచూడటానికి పోస్టులో ఒక పిన్ ఉత్తరం వస్తుంది. ఇంటి నంబరు, పిన్‌కోడ్ సరిగా లేకపోతే అది చేరదు. రాకపోతే మళ్లీ అడగొచ్చు. ఇంకోటి, అమెరికా పన్ను పత్రం. అది నింపకపోతే మొత్తం ఆదాయంలో 24 శాతం దాకా కోత పడొచ్చు. పాన్ నంబరుతో నింపితే అమెరికాలో చూసినవాళ్ల నుంచి వచ్చిన భాగం మీద మాత్రమే 15 శాతం పోతుంది.

మొదటి వీడియో పెట్టకముందే మెయిల్, పాన్, బ్యాంకు ఖాతా మూడూ వండుతున్న ఆమె పేరుతోనే సిద్ధం చేయండి. పాస్‌వర్డ్ ఆమె దగ్గరే ఉంచండి.